షారన్ రంగు వేయని మాట

కావలి ట్రంకురోడ్డు మీంచి రెండు సందులు లోపలికి పోతే సగం దించిన షట్టరుతో ఒక పాత సైన్‌బోర్డుల దుకాణం కనిపిస్తుంది. మూసేశారనుకొని జనం దాటిపోతారు గానీ లోపల మనిషి ఉంది. పేరు షారన్, వయసు ముప్పై ఒకటి. పొద్దున తొమ్మిదింటికి కిటికీకి నల్లతెర లాగి కంప్యూటరు ముందు కూర్చుందంటే మళ్లీ అన్నం వేళకే లేస్తుంది. చర్చిలో ఎవరన్నా "నువ్వు చేసే పనేందమ్మా?" అని అడిగితే "మాటలకు రంగులేస్తానక్కా" అంటుంది. అడిగినవాళ్లు నవ్వి ఊరుకుంటారు. ఆవిడ కూడా నవ్వి ఊరుకుంటుంది, ఎందుకంటే విడమరిచి చెప్పాలంటే పూట పడుతుంది.

మనకు తొందరేమీ లేదు గనక చెప్పుకుందాం. ఫోన్లో నిలువుగా కనిపించే నిమిషం వీడియోలు ఉంటాయి కదా. మనిషి మాట్లాడుతుంటే కింద ఒక్కో మాట ఎగిరొచ్చి కూర్చుంటుంది, మధ్యలో ఒకటి రెండు మాటలు రంగులో మెరుస్తాయి. అవన్నీ వాటంతట అవే వస్తాయని లోకం అనుకుంటుంది. యాప్‌కు అప్పజెప్తే వస్తాయి, కాదనను. కాకపోతే మన నెల్లూరోళ్లు నాలుగు మాటలు ఒకే ఊపిరిలో చుట్టేసి మాట్లాడతారు, యాప్ ఆ నాలుగింటినీ ఒకే మూటగా కట్టి పడేస్తుంది. షారన్ ఆ మూట విప్పుతుంది. గొంతు ఎత్తుపల్లాలు గీతల్లా తెర మీద పరుచుకొని ఉంటాయి. ఏ గీత దగ్గర ఏ మాట మొదలైందో చూసి, చెవితో విని, ఒక్కో మాటనూ అక్కడ పెడుతుంది. సెకనుకు ముప్పై బొమ్మలు నడుస్తాయి. మాట రెండు బొమ్మలు ముందు వచ్చినా కంటికి ఇంపుగానే ఉంటుంది, నాలుగు బొమ్మలు వెనకబడితే మాత్రం మనిషి నత్తి పెడుతున్నట్టు ఉంటుంది. ఇంగ్లీషు వీడియోల్లో మాదిరి అక్షరం అక్షరంగా కదిలిద్దామంటే తెలుగులో కుదరదు. గుడులు, కొమ్ములు, వత్తులు తలా ఒక దిక్కు పోతాయి. అందుకని మాటను మాటగానే ఎగరేస్తుంది. రంగు పెట్టె వేసినప్పుడు కింది వత్తు తెగిపోకుండా పెట్టెను ఇంకాస్త దించుతుంది. ఇదంతా చేసేసరికి నిమిషం వీడియోకు తల ప్రాణం తోకకొస్తుంది.

ఈ చాదస్తం ఆవిడకు వాళ్ల నాన్న జడ్సన్ నుంచి వచ్చింది. ఆయన కావలిలో పాతికేళ్లు బోర్డులు రాశాడు. కిరాణా కొట్లు, టైలరు షాపులు, ప్రార్థనా మందిరాలు, ఏ గోడ చూసినా ఆయన చేతి రాతే. ఫ్లెక్సీలు వచ్చి కుంచె మూలన పడ్డాక దుకాణం కూతురికిచ్చి, తాను ఎదురరుగు మీద పేపరు పట్టుకొని కూర్చుంటాడు. కూతురి పనిని ఆయన ఇంకా పూర్తిగా పని కింద లెక్కేయడు. "నేను రాసిన బోర్డు ఇరవై ఏళ్లుండేది. నీ అక్షరం ముక్కుపొడి పీల్చేలోపల మాయమయిపోతాది" అని వెక్కిరిస్తాడు. "నీ బోర్డు కదల్లేదు గదా నాన్నా" అంటుంది షారన్. ఇద్దరికీ ఈ మాటలు రోజూ ఉండాల్సిందే, లేకపోతే టీ దిగదు.

షారన్‌కు స్థిరంగా పని ఇచ్చేవాడు నరేంద్రబాబు. రొయ్యల గుంటల రైతులకు సలహాలు చెప్పే టెక్నీషియను. విడవలూరు నుంచి సముద్రం దాకా ఉన్న గుంటల మీద మోటారుసైకిలేసుకొని తిరుగుతూ, ఎక్కడ తోస్తే అక్కడ నిలబడి ఫోన్లో నిమిషం మాట్లాడి ఆ ముక్క షారన్‌కు పంపిస్తాడు. ఆవిడ మాటలు అమర్చి తిప్పి పంపితే మధ్యాహ్నానికల్లా రైతులందరి ఫోన్లలో ఉంటుంది. గుంటల దగ్గర నీళ్లు చిలికే ఏరేటర్ల హోరు, డీజిలు ఇంజన్ల రొద. అక్కడ ఫోన్లో గొంతు ఎవరికీ వినపడదు. అందరూ చూసేది అక్షరాలే. ఆ సంగతి షారన్‌కు తెలుసు, తెలిసి గర్వం కూడా ఉంది. తన అక్షరాల మీద వేల రొయ్యలు బతుకుతున్నాయని ఒకసారి తండ్రితో గొప్పగా అన్నది.

వీడియోకు ఆవిడ వేసే ముస్తాబు ఇదీ. మామూలు మాటలు సన్నటి తెల్ల అక్షరాలు. ముఖ్యమైన మాటలు ముదురు ఊదా పెట్టెలో పచ్చటి పసుపు అక్షరాలు. ఏది ముఖ్యమంటే వస్తువుల పేర్లు, అంకెలు. మేత, సున్నం, చెక్ ట్రే, అయిదు కిలోలు, ఇట్లాంటివి. కన్ను ముందు వాటి మీద పడాలని ఆవిడ లెక్క. ఎవరూ తప్పు పట్టలేదు. చీకటి గదిలో పెద్ద తెర మీద అది పెళ్లి పందిరిలా ఉండేది మరి.

కార్తీకంలో ఒక బుధవారం పొద్దున నరేంద్రబాబు ఒక వీడియో పంపాడు. మర్నాడు మబ్బు పడుతుందని కబురు. "మబ్బు పట్టిన రోజు పూర్తి మేత వేయబాకండి. చెక్ ట్రేలో మిగిలింది చూసుకొని తగ్గించండి" అని అందులో సారం. మబ్బు రోజున నీళ్లలో ప్రాణవాయువు తగ్గుతుంది, రొయ్య మేత ముట్టదు, వేసిందంతా అడుగున కుళ్లుతుంది. అందుకే తగ్గించమనేది. చెక్ ట్రే అంటే నీళ్లలోకి దించే వల పళ్లెం, మేత తిన్నాయో లేదో అది ఎత్తి చూసుకుంటారు. షారన్ మామూలుగానే చేసి పన్నెండింటికి పంపేసింది. పంపేసి పప్పుచారుతో అన్నం తిని హాయిగా కునుకు తీసింది.

శనివారం నరేంద్రబాబు ఫోన్ చేశాడు.

"షారనమ్మా, ఒక సంగతి చెప్తా, నవ్వబాక. మన వీడియో చూసి రంగనాయకులన్న గుంట కాడ కాపలాకుండి మేతేసే పెంచల్ అనేవాడు మబ్బు రోజు పొద్దున పూర్తి మేత ఏసినాడంట. తెల్లారేసరికి రొయ్యలు గట్టుకొచ్చి నోళ్లు తెరుస్తా ఉండాయి. ఏరేటర్లన్నీ వేసి, మేత ఆపి, ఎట్నో బతికించుకున్నారు. కొన్ని పోయినాయి."

"అయ్యో. మరి వేయబాకండి అని గదా సార్ చెప్పినారు."

"అదే నేనూ అంటా ఉండా. వాడేమో సారే ఏయమన్నాడు అంటున్నాడు. పదకొండేళ్లుగా గుంట కాడే ఉండాడు, ఇంజన్ల పక్కన ఉండి ఉండి చెవులు కూడా మందం. ఫోన్ చూసుకుంటా పని చెడగొట్టి అబద్ధం చెప్తా ఉండాడని రంగనాయకులన్న రేపు ఆదివారంతో పంపించేస్తాడంట."

షారన్ ఫోన్ పెట్టేసి, నల్లతెర వెనకే కూర్చొని ఆ ఫోన్లోనే వీడియో మళ్లీ చూసింది. తెర మీద అక్షరాలన్నీ ఉన్నాయి. వేయబాకండి కూడా ఉంది. తప్పు తనది కాదని తేలినందుకు గుండె తేలికపడింది, ఆ తేలికలోనే పెంచల్ అనే మనిషి మీద కొంచెం కోపం కూడా వచ్చింది. చదువుకోలేక మా మీద పెడతాడా అనుకుంది.

ఆ తేలిక ఎంతోసేపు నిలవలేదు. ఒంటిగంటకు మేడ మీద ఆరేసిన బట్టలు తీయడానికి వెళ్లింది. మబ్బులు విడిపోయి ఎండ పెళ్లున కాస్తోంది. ఫోన్ మోగితే చూసింది, ఎవరో ఏదో అమ్ముతున్నారు. కట్ చేస్తే ఇందాకటి వీడియో మళ్లీ నడవడం మొదలుపెట్టింది. కళ్లు చికిలించి చూసింది. నరేంద్రబాబు వెనక గుంట నీళ్లు తళతళ మెరుస్తున్నాయి. ఆ మెరుపు మీద తెల్ల అక్షరం ఒక్కటీ లేదు. ఊదా పెట్టెలు మాత్రం ఎగిరొచ్చి కూర్చుంటున్నాయి. మబ్బు. పూర్తి మేత. చెక్ ట్రే.

షారన్ బట్టలు అక్కడే వదిలేసి నీళ్లట్యాంకు నీడలోకి పోయి చూసింది. తెల్ల అక్షరాలు కనిపించాయి. ఎండలోకి వచ్చింది. పోయాయి. మూడుసార్లు అట్లా అటూ ఇటూ తిరిగింది. అప్పుడు ఇంకొకటి కూడా పట్టుకుంది. మన తెలుగులో చేయమన్నదీ వద్దన్నదీ చివరి మాటలో ఉంటుంది. ఆవిడ వాడే పద్ధతిలో చివరి మాట పలకగానే ఆ వరుస మొత్తం చెరిగిపోయి కొత్త వరుస వస్తుంది. మొదటి మాట రెండు సెకన్లు నిలిస్తే చివరి మాట అర సెకను కూడా నిలవదు. అసలే మెల్లగా కూడబలుక్కొని చదివే మనిషి, అసలే ఎండ. వేయబాకండి అన్నది వాడి కంటికి ఆనేదెప్పుడు?

ట్యాంకు నీడలో కూర్చుంది. ఒక మనిషి కూడు తన రంగు పెట్టెల వల్ల పోతోంది. ఆ సంగతి లోకంలో తనకొక్కదానికే తెలుసు. వచ్చే వారం నుంచి నిశ్శబ్దంగా రంగులు మార్చేసుకుంటే ఎవరూ అడగరు. ఈ ఆలోచన ఆవిడకు రాలేదని చెప్తే నేను అబద్ధమాడినట్టే. వచ్చింది, కాసేపు పక్కన కూర్చుంది కూడా.

కిందికి దిగి వచ్చిన కూతురి మొహం చూసి జడ్సన్ పేపరు మడిచాడు. ఆవిడ చెప్పిందంతా విన్నాడు. తర్వాత అడిగాడు.

"నేను బోర్డు రాసినాక ఏం చేసేవాణ్ణి?"

"రోడ్డు దాటి అవతల నిలబడి చూసేవాడివి."

"నువ్వు చూసినావా?"

చిన్నప్పుడు షారన్ ఆయన చెయ్యి పట్టుకొని ఎన్నిసార్లు ట్రంకురోడ్డు దాటిందో లెక్కలేదు. లారీల మధ్య నుంచి దాటి, అవతల సోడాబండి దగ్గర నిలబడి, కళ్లు చిన్నవి చేసి చూసి, 'క'కు తలకట్టు ఆనడం లేదని మళ్లీ దాటొచ్చి దిద్దేవాడు. ఆయనను చూసి నేర్చుకోవాల్సిందొక్కటే ఉంటే అదే వదిలేసి నల్లతెర లాక్కొని కూర్చుంది తను. సిగ్గుతో ఆవిడకు ఏడుపొచ్చింది. జడ్సన్ లోపలికి పోయి టీ పెట్టుకొచ్చి చేతిలో పెట్టాడు, ఒక్క వెక్కిరింత కూడా చేయలేదు.

టీ తాగి నరేంద్రబాబుకు ఫోన్ చేసింది. ఆయన కాసేపు నసిగాడు.

"మన అక్షరాలే సరిగా లేవని మనమే చెప్పుకుంటే రేపు మన మాట ఎవరు వింటారమ్మా?"

"మీరేం చెప్పొద్దు సార్, మీరు సరిగానే మాట్లాడినారు. అక్షరాలు నావి. నేను చెప్తా. నన్ను ఆ గుంట కాడికి తీసకపోండి చాలు."

ఆదివారం ఆరాధన కాగానే బయలుదేరారు. విడవలూరు దాటి ఉప్పుగాలి మొహాన కొట్టే చోట రంగనాయకులు గుంటలు. ఆయన యాభై దాటిన రైతు, తెల్ల లుంగీ, మాట కరుకు. గట్టు మీద పెంచల్ ఒక సంచి సర్దుకొని నిలబడి ఉన్నాడు. సన్నటి మనిషి, నలభై ఉంటాయి. తల వంచుకోలేదు గానీ ఎవరి వంకా చూడటం లేదు. ఏరేటర్ల హోరులో మనిషి పక్కన మనిషి మాట్లాడినా అరవాల్సిందే.

షారన్ దగ్గరికి పోయి గట్టిగా అడిగింది. "అన్నా, ఇన్నేళ్లుగా మబ్బు రోజు మేత తగ్గించేవాడివి గదా. మొన్నెందుకు తగ్గించలా?"

ఆమె పెదవులు చూసి అర్థం చేసుకున్నాడు. "తగ్గించేవాణ్ణే మా. సారు పూర్తి మేత అని చూపించినాడు. కొత్త పద్ధతేమో అనుకున్నా. సారు కంటే నాకు ఎక్కువ తెలుసునా."

"ఇదే పాట మూడు రోజులుగా పాడతా ఉండాడు" అన్నాడు రంగనాయకులు. "నేను అదే వీడియో మా ఇంట్లో చూసినా. వేయబాకండి అని శుభ్రంగా ఉండాది. వీడికి కళ్లు కూడా పోయినాయా?"

షారన్ పెంచల్ చేతిలోని ఫోన్ అడిగి తీసుకొని, వీడియో పెట్టి, రంగనాయకులు చేతికిచ్చింది.

"రంగనాయకులు గారూ, ఇంట్లో గాదు, ఇక్కడ చూడండి. ఆయన చూసిన చోట, ఆయన చూసిన ఫోన్లో. కనపడింది కనపడినట్టు పైకి చదవండి, చాలు."

ఆయన ఈ ఆడమనిషి ఎవరన్నట్టు నరేంద్రబాబు వైపు చూశాడు. నరేంద్రబాబు తలూపాడు. పన్నెండున్నర ఎండ, చుట్టూ మెరిసే నీళ్లు. రంగనాయకులు ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు, దించాడు, చేత్తో నీడ పట్టాడు. అరిచినట్టుగా చదివాడు.

"మబ్బు... పూర్తి మేత... చెక్ ట్రే."

"ఇంకొకసారి చదవండి."

"మబ్బు. పూర్తి మేత. చెక్ ట్రే" అన్నాడు. అని ఆగిపోయాడు. తన నోటి నుంచి వచ్చిన మాట తన చెవికే తగిలింది. ఫోన్‌ను మోటారు షెడ్డు నీడలోకి తీసుకుపోయాడు, అక్కడ చూశాడు, మళ్లీ ఎండలోకి వచ్చాడు. మేడ మీద షారన్ తిరిగినట్టే తిరిగాడు.

"ఆ రంగులు వేసింది నేను" అంది షారన్. "చీకట్లో కూర్చోని వేసినా. ఆయన అబద్ధం చెప్పలా. నేను చూపించింది ఆయన చదివినాడు, అంతే."

రంగనాయకులు ఫోన్ ఆవిడ చేతికి తిరిగిచ్చాడు. ఆయనలాంటి వాళ్లకు తప్పయిందన్న మాట గొంతులో ముల్లులా అడ్డం పడుతుంది. పెంచల్ దగ్గరికి పోయి భుజాన ఉన్న సంచి తీసుకొని, షెడ్డులోకి నడిచి, దాన్ని కొయ్యకు తగిలించి వచ్చాడు. "అన్నం తిన్నావా?" అని అడిగాడు. పెంచల్ తినలేదన్నాడు. కళ్ల నిండా నీళ్లు ఉన్నాయి, ఎండకు అన్నట్టు తుడుచుకున్నాడు.

ఆ మధ్యాహ్నం షారన్ ఆ షెడ్డులోనే లాప్‌టాప్ తెరిచింది. తెల్ల అక్షరాల వెనక నల్లటి పట్టీ వేసింది, అక్షరాలు లావు చేసింది. వరుసకు మూడు మాటలకంటే మించనీయలేదు. ఫోన్లో అడుగున పేరూ బటన్లూ కప్పేసే చోటు వదిలి పైకి జరిపింది. ఏ మాట పలుకుతుంటే ఆ మాట మీదికి పసుపు రంగు నడిచి వచ్చేలా పెట్టింది. వేయబాకండి, తగ్గించండి అనే మాటలకు ఎర్ర పెట్టె కట్టింది. చివరి మాట తర్వాత వరుస ఒక సెకను చెరగకుండా ఆపింది. ఒక్కో మార్పు చేసి పెంచల్ ఫోన్‌కు పంపడం, ఆయన గట్టు మీదికి పోయి ఎండలో నిలబడి చదవడం. రెండుసార్లు తల అడ్డంగా ఊపాడు. నల్లపట్టీ ఇంకా పలచగా ఉందని వేళ్లతో చూపించాడు. మూడోసారి గట్టు మీద నుంచే, ఇంజన్లను మించిన గొంతుతో అరిచాడు.

"పూర్తి మేత వేయబాకండి! కనపడతా ఉండాది మా!"

షెడ్డులో నరేంద్రబాబు నవ్వాడు. రంగనాయకులు కూడా నవ్వాడు, కాకపోతే మొహం పక్కకు తిప్పుకొని.

పాత వీడియో తీసేసి కొత్తది పెట్టారు. అందులో నరేంద్రబాబు తనంతట తానే రెండు మాటలు చేర్చాడు, ముందు పంపిన దాంట్లో అక్షరాలు ఎండకు ఆనలేదని, మన్నించమని. ఎవరూ ఆయన మాట వినడం మానలేదు. ఇంకో పది గుంటల కాపలావాళ్లు తమకూ కనపడలేదని, చెప్తే నవ్వుతారని ఊరుకున్నామని చెప్పుకొచ్చారు.

ఇప్పుడు కావలిలో ఆ దుకాణం కిటికీకి నల్లతెర అట్లాగే ఉంది, పనికి అది కావాలి. కానీ వీడియో అయిన ప్రతిసారీ షారన్ ఫోన్ పట్టుకొని సందు చివరికి పోయి రోడ్డు దాటుతుంది. అవతల ఎండలో నిలబడి, చికిలించి చూసి, ఒక్కోసారి మొహం మాడ్చుకొని తిరిగొస్తుంది. "ఏం, ఆనలేదా?" అంటాడు అరుగు మీంచి జడ్సన్. "ఆనలేదు" అని లోపలికి పోతుంది. ఆయనకు ఆ మాట వినడం ఎంత ఇష్టమో మొహంలోనే తెలుస్తుంది. పోయిన వారం తానూ కళ్లద్దాలు తీసుకొని వెంట వెళ్లాడు.

రోడ్డు దాటి చూసుకున్నాక కూడా వీడియో నేరుగా రైతులకు పోదు. ముందు పెంచల్ ఫోన్‌కు పోతుంది. బాగుంటే ఆయన ఏమీ రాయడు, రాయడమంటే ఆయనకు బద్ధకం. మొన్న మళ్లీ మబ్బు పట్టింది. సాయంత్రానికి ఆయన దగ్గర్నుంచి ఒక ఫోటో వచ్చింది. నీళ్లు కారుతున్న చెక్ ట్రే, అందులో తగ్గించి వేసిన మేత ఒక్క గింజ కూడా మిగల్లేదు.

షారన్ ఆ ఫోటోను తండ్రికి చూపించింది. ఆయన దాన్ని అరుగు మీద నుంచి లేచి ఎండలోకి తీసుకుపోయి చూశాడు.